రెండు షట్టర్లు ఒప్పుకుని మిగిలింది కాదనడం

లాయర్ నోటీసులో పని గురించిన వివరాలు తక్కువగా ఉంటాయి, విశేషణాలు ఎక్కువగా ఉంటాయి. "ఉద్దేశపూర్వకంగా", "మోసపూరితంగా", "మా క్లయింటును తీవ్ర మానసిక క్షోభకు గురిచేసి" వంటి మాటల మధ్య ఎక్కడో ఒక తేదీ, ఒక ఫిర్యాదు కనబడతాయి. ఆఖరి పేరాలో డబ్బు అంకె, దాని పక్కనే 15 రోజుల గడువు. చిన్న వ్యాపారి కన్ను ముందు ఆ అంకె మీదే ఆగుతుంది. అక్కడి నుంచి రెండు దారులు సులువుగా తోస్తాయి. ఒకటి, కస్టమర్‌కు ఫోన్ చేసి "తప్పయిపోయిందండీ, ఏదో ఒకటి చూసుకుందాం" అనడం. రెండోది, "అన్నీ అబద్ధాలే" అని ఒక్క ముక్కలో కొట్టిపారేయడం. రెండూ తర్వాత ఖరీదైన పనులే అవుతాయి.

ఈ రెంటికీ మధ్య ఒక జవాబు ఉంటుంది. అది ఎలా తయారవుతుందో చూడటానికి గుంటూరులో ఐదుగురు పనివాళ్లతో మాడ్యులర్ కిచెన్లు చేసే ఒక వర్క్‌షాపు యజమానిని తీసుకుందాం. మనిషి కల్పితం. ఆయన చుట్టూ ఉన్న వివరాలు ఇలాంటి తగాదాల్లో మామూలుగా కనబడేవే. చట్టం సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు.

విజయవాడలో ఒక ఫ్లాటు. వంటగదికి 3,80,000 రూపాయలకు కొటేషన్. 2024 నవంబరు 4న ఒప్పందం, 45 రోజుల్లో పని పూర్తి చేయాలి. సగం అడ్వాన్సు, సరుకు సైటుకు చేరాక 40 శాతం, అప్పగించాక మిగతా పది శాతం. పని 2025 జనవరి 27న పూర్తయింది. అప్పగింత కాగితం మీద కస్టమర్ సంతకం పెట్టారు. ఆఖరి 38,000 మాత్రం ఇవ్వలేదు. సెప్టెంబరులో నోటీసు వచ్చింది. రెండు నెలలకు పైగా ఆలస్యం చేశారు. నాసిరకం ప్లైవుడ్ వాడారు, సింకు కింద చెక్క ఉబ్బిపోయింది. రెండు షట్టర్ల అంచులు ఊడిపోయాయి. ఫిర్యాదు చేస్తే పట్టించుకోలేదు. ఫోన్‌లో అవమానకరంగా మాట్లాడారు. కాబట్టి కట్టిన 3,42,000 వెనక్కి ఇవ్వాలి, మానసిక క్షోభకు 5 లక్షలు, నోటీసు ఖర్చులకు 25,000. మొత్తం 8,67,000.

ముందు ఈ కాగితం ఏది కాదో తెలియాలి. ఇది కోర్టు సమను కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు వేయడానికి ముందు నోటీసు ఇవ్వాలన్న నిబంధన కూడా లేదు. ఇవ్వడం ఆనవాయితీ, అంతే. చెక్కు బౌన్స్ నోటీసులో 15 రోజులు చట్టం పెట్టిన గడువు. ఇక్కడి 15 రోజులు లాయరు పెట్టినవి. పదహారో రోజున ఆకాశం ఊడిపడదు.

అలాగని పక్కన పడేసేదీ కాదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడం కస్టమర్‌కు చాలా తేలిక. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజే లేదు. వ్యాపారి ఊరికి రానక్కర్లేదు, తాము నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. లాయరు లేకుండా స్వయంగా వాదించుకోనూవచ్చు. నోటీసుకు జవాబివ్వనంత మాత్రాన ఆరోపణలన్నీ ఒప్పుకున్నట్టు కాదని చెప్పిన తీర్పులున్నాయి. మౌనాన్ని వ్యాపారికి వ్యతిరేకంగా లెక్కలోకి తీసుకున్న తీర్పులూ ఉన్నాయి. ఏ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలియనప్పుడు జవాబు ఇవ్వడమే తెలివి.

పైగా ఈ జవాబును చదివేవాళ్లలో ముఖ్యులు అవతలి లాయరు కారు. ఏడాదికో రెండేళ్లకో ఫిర్యాదు విచారణకు వస్తే, ఇరుపక్షాలనూ ఎన్నడూ చూడని కమిషన్ సభ్యులు ఆ ఫైలు తిప్పుతారు. గొడవ వేడిగా ఉన్న రోజుల్లో వ్యాపారి ఏమన్నాడో వాళ్లకు చెప్పేది ఈ జవాబే. అందుకే ఇందులో రాసే ప్రతి వాక్యం అవతలివాళ్ల ఫోన్‌లో ఉన్న ఫొటోల పక్కన పెట్టి చూసినా నిలబడేలా ఉండాలి.

మన యజమాని లాయరు దగ్గరకు వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటుంది. కొటేషన్, అప్పగింత కాగితం, ప్లైవుడ్ కొన్న బిల్లు, సైటులో తీసిన ఫొటోలు, వాట్సాప్ సంభాషణ మొత్తం ఒకచోట పెట్టి, తేదీల వారీగా ఏం జరిగిందో ఒక తెల్లకాగితం మీద రాసుకోవాలి. వాట్సాప్‌లో తనకు ఇబ్బందిగా ఉన్న మెసేజిలు తీసేయకూడదు, అవి అవతలి ఫోన్‌లో ఉంటాయి. ఫోను మార్చే ఆలోచన ఉంటే కొన్నాళ్లు ఆపుకోవాలి. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చింది. అందులోనూ ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫోను చేతిలో ఉంటే ఆ పని సులువవుతుంది.

ఈ కాగితం రాసుకుంటున్నప్పుడే యజమానికి కొన్ని చేదు నిజాలు కనబడతాయి. ఆలస్యం సంగతే చూడండి. గడువు డిసెంబరు 19. అప్పగింత జనవరి 27. తేడా 39 రోజులు, నోటీసు చెప్పినట్టు రెండు నెలలకు పైగా కాదు. నవంబరు 28న కస్టమర్ లామినేట్ రంగు మార్చమని మెసేజి పెట్టారు. కొత్త షీట్లు డిసెంబరు 14న వచ్చాయి. అక్కడ 16 రోజులు పోయాయి. తర్వాత సింకు చోటు మార్చాలని గోడ పగలగొట్టించారు, వాళ్ల ప్లంబరు పని డిసెంబరు 21 నుంచి జనవరి 4 దాకా సాగింది. అక్కడ మరో 14. మిగిలిన తొమ్మిది రోజులకు మాత్రం కారణం వర్క్‌షాపులోనే ఉంది. అంచులకు పట్టీ అంటించే ఎడ్జ్ బ్యాండింగ్ మెషిను పాడైంది.

ఇక్కడ చాలామంది ఆ తొమ్మిది రోజులను కూడా ఎలాగోలా కస్టమర్ ఖాతాలో వేయాలని చూస్తారు. అది పొరపాటు. ముప్పై రోజులకు కాగితం ఉన్నవాడు తొమ్మిది రోజుల కోసం కథ అల్లితే, కమిషన్ ఆ ముప్పైనీ అనుమానిస్తుంది. జవాబులో ఆ పేరా ఇలా ఉంటే సరిపోతుంది:

"ఒప్పందం ప్రకారం పని 2024 డిసెంబరు 19కి పూర్తి కావలసి ఉంది. 2025 జనవరి 27న అప్పగించాం. రెండు నెలలకు పైగా ఆలస్యమైందన్నది సరికాదు. తేడా 39 రోజులు. అందులో 16 రోజులు మీ క్లయింటు నవంబరు 28న లామినేట్ రంగు మార్చడం వల్ల, 14 రోజులు సింకు చోటు మార్పు పనికోసం వంటగది మాకు అందుబాటులో లేకపోవడం వల్ల గడిచాయి. మిగతా 9 రోజులు మా మెషిను మరమ్మతు వల్ల గడిచాయి. జనవరి 27న మీ క్లయింటు ఆలస్యంపై ఏ అభ్యంతరమూ రాయకుండా అప్పగింత కాగితంపై సంతకం చేశారు. ఆలస్యం వల్ల ఫలానా నష్టం జరిగిందని నోటీసులో ఎక్కడా లేదు."

ఆఖరి రెండు వాక్యాలు ఊరికే రాసినవి కావు. 1872 కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. గడువు ముఖ్యమైన ఒప్పందంలో గడువు దాటాక పనిని స్వీకరించినవారు, నష్టపరిహారం అడిగే ఉద్దేశం ఉంటే ఆ విషయం స్వీకరించేటప్పుడే చెప్పాలి. చెప్పకపోతే తర్వాత ఆలస్యం పేరుతో అడగడం కష్టమవుతుంది. ఇది గెలుపుకు హామీ కాదు, వాదనకు పునాది. ఆ పునాదిని తొలి జవాబులోనే వేసుకుంటే తర్వాత కొత్తగా పుట్టించిన మాటలా ఉండదు.

తొమ్మిది రోజులు ఒప్పుకోవడం తప్పు ఒప్పుకోవడమేనా అని యజమాని అడుగుతాడు. మంచి ప్రశ్నే. జరిగిన సంగతి ఒప్పుకోవడం వేరు, దానికి బాధ్యత ఒప్పుకోవడం వేరు. "9 రోజులు మా మెషిను మరమ్మతు వల్ల గడిచాయి" అన్నది సంగతి. "మా నిర్లక్ష్యం వల్ల మీకు నష్టం కలిగింది" అన్నది తీర్పు. నిర్లక్ష్యం, లోపం, నష్టం అనే మాటలకు చట్టంలో అర్థాలున్నాయి. వాటిని వ్యాపారి తన మీద తానే ప్రయోగించుకోనక్కర్లేదు. 2019 చట్టం సేవలో "లోపం" అంటే ఏమిటో 2వ సెక్షన్‌లోనే చెప్పింది. చట్టం ప్రకారమో ఒప్పందం ప్రకారమో ఉండాల్సిన నాణ్యతలో, పని తీరులో కొరత అది. వినియోగదారుకు నష్టం చేసే నిర్లక్ష్యం, కావాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా అందులోకే వస్తాయి. ఆ లోపం ఉందని నిరూపించాల్సిన భారం ఫిర్యాదీ మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో మళ్లీ స్పష్టం చేసింది. వ్యాపారి జవాబులోనే ఒప్పేసుకుంటే నిరూపించడానికి అవతలివాళ్లకు పనేమీ మిగలదు.

క్షమాపణ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2006లో, హాంకాంగ్ 2017లో ప్రత్యేక చట్టాలు తెచ్చుకున్నాయి. అక్కడ సారీ చెప్పడం బాధ్యత ఒప్పుకున్నట్టు కాదు. మనకు అలాంటి సాధారణ చట్టం లేదు. కాబట్టి "మీ క్లయింటుకు కలిగిన అసౌకర్యానికి విచారిస్తున్నాం" అనే దగ్గర ఆగాలి. ఆ వాక్యం మర్యాద. "మా తప్పుకు క్షమించండి" అనేది సాక్ష్యం అయిపోవచ్చు.

ఇక ప్లైవుడ్. నోటీసులో బరువైన ఆరోపణ ఇదే, జవాబు జారిపడేదీ ఇక్కడే. కొటేషన్‌లో "కార్కస్ 18 మిల్లీమీటర్లు, బీడబ్ల్యూపీ, ఐఎస్ 710" అని ఉంది. కార్కస్ అంటే అరల పెట్టె. ఐఎస్ 710 మరిగే నీటిని కూడా తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం. ఐఎస్ 303 కింద వచ్చే ఎంఆర్ రకం తేమను కొంతవరకు తట్టుకుంటుంది గానీ నీళ్లలో నిలవదు. యజమాని దగ్గర 710 షీట్లు కొన్న బిల్లు ఉంది, షీటు మీద ఐఎస్‌ఐ ముద్ర కనబడే సైటు ఫొటో ఉంది. ఆ ధైర్యంతో ఆయన "వంటగది మొత్తానికీ 710 ప్లైవుడే వాడాం" అని రాసేయబోతాడు.

అది నిజం కాదు. అరల వెనక పలక ఆరు మిల్లీమీటర్లది. దాని రకం గురించి కొటేషన్‌లో ఏమీ లేదు. ఆయన ఎంఆర్ వాడాడు. ఈ పనిలో ఇది అరుదేమీ కాదు. కానీ "మొత్తం" అని రాసిన కాగితం, ఒక్క వెనక పలక విప్పి చూపించగానే అబద్ధమవుతుంది. అప్పుడు బిల్లు, ముద్ర, ఫొటో అన్నీ ఉండి కూడా ఆయన మాట చెల్లదు. అతిగా కాదనడంలో ఉండే ప్రమాదం ఇదే.

వెనక పలక సంగతి జవాబులో తనంతట తాను చెప్పాలా అన్నదాని మీద లాయర్లలోనే రెండు మాటలున్నాయి. అడగనిది చెప్పొద్దనేవాళ్లు ఎక్కువ. అయితే సమాచారాన్ని కావాలని దాచడాన్ని చట్టమే లోపంగా లెక్కిస్తున్నప్పుడు, రేపు విప్పితే బయటపడేదాన్ని ఈ రోజు ఒక వాక్యంలో తానే చెప్పడం మేలు: "కార్కస్‌కు కొటేషన్‌లో చెప్పినట్టు ఐఎస్ 710 ప్లైవుడ్ వాడాం. బిల్లు, ముద్ర ఉన్న ఫొటో జతపరిచాం. వెనక పలకల రకం కొటేషన్‌లో పేర్కొనలేదు. వాటికి ఆరు మిల్లీమీటర్ల ఎంఆర్ ప్లైవుడ్ వాడాం." ఇందులో దాచింది లేదు, తలవంచిందీ లేదు.

సింకు కింద అడుగు పలక ఉబ్బిన సంగతి వేరు. యజమాని దాన్ని ఇంకా చూడలేదు. చూడనిదాన్ని ఒప్పుకోవడం ఎంత తప్పో, కాదనడమూ అంతే తప్పు. చాలా జవాబుల్లో కనిపించని మూడో మాట ఇక్కడ కావాలి: "మేము పరిశీలించలేదు కాబట్టి కారణం చెప్పలేం. పరిశీలనకు అనుమతించండి." ఫొటోలో నల్లబడిన మూల ఒకటి కనబడుతుంది. అది సింకు ట్రాప్ కింద ఉంటే ప్లంబింగ్ లీకు కావచ్చు. నీళ్లు కోసిన అంచు నుంచే చెక్కలోకి ఎక్కుతాయి గనుక ఉబ్బు ముందు అక్కడే మొదలవుతుంది. అలా కాకుండా నీళ్లు చేరే అవకాశమే లేని చోట కూడా పొరలు విడిపోతుంటే ప్లైవుడ్‌నే అనుమానించాలి. విరిగిన ముక్కలో జిగురు గీత ముదురు గోధుమ రంగులో ఉంటే ఫినాల్ జిగురు, అంటే 710 రకం అయ్యే అవకాశం ఎక్కువ. పాలిపోయి ఉంటే యూరియా జిగురు. రంగు ఒక్కటే రుజువు కాదు. గట్టి రుజువు కావాలంటే ముక్కను ల్యాబ్‌కు పంపి 72 గంటలు మరిగించే పరీక్ష చేయించాలి. అంతదూరం వెళ్లాల్సిన కేసులు కొద్దే. కొటేషన్‌లో లీకు వల్ల పాడైతే వారంటీ వర్తించదని ఉన్నా, లీకు ఉందో లేదో చూడకుండా ఆ వాక్యాన్ని ఇప్పుడే విసరడం తొందరపాటు. "లీకు వల్ల అని పరిశీలనలో తేలితే కొటేషన్‌లోని ఆ షరతును ఆశ్రయించే హక్కు మాకుంది" అంటే చాలు.

రెండు షట్టర్ల అంచులు ఊడిన మాట నిజం. అంటించేటప్పుడు జిగురు వేడి చాలకపోయి ఉండొచ్చు, పాడై బాగైన మెషిను మీద తొలిరోజు చేసిన షట్టర్లే అయి ఉండొచ్చు. పనితనానికి ఏడాది వారంటీ కొటేషన్‌లోనే ఉంది, అప్పగించి ఇంకా ఏడాది కాలేదు. ఇక్కడ దాచడానికి ఏమీ లేదు. కారణాల జోలికి పోకుండా ఇలా రాయాలి: "ఎడమ వైపు కింది వరుసలోని రెండు షట్టర్ల అంచు పట్టీ ఊడినట్టు ఫొటోల్లో కనబడుతోంది. ఇది వారంటీ పరిధిలోకి వస్తుంది. ఈ రెండు షట్టర్లను ఉచితంగా మార్చి ఇస్తాం." షట్టర్లను లెక్కతో సహా, చోటుతో సహా చెప్పడం ముఖ్యం. "కొన్ని షట్టర్లు" అంటే రేపు అవి పన్నెండు కావచ్చు.

"పట్టించుకోలేదు" అన్న ఆరోపణ దగ్గర యజమాని కొంచెం నీళ్లు నములుతాడు. జూన్ 18న కస్టమర్ ఫొటోలు పంపారు. ఆయన అదే రోజు "వచ్చే వారం మనిషిని పంపిస్తానండీ" అన్నాడు. మనిషి వెళ్లింది జులై 24న. గేటు దగ్గర నుంచి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఎవరూ ఎవరికీ ఫోన్ చేయలేదు. ఫిర్యాదే అందలేదని రాస్తే జూన్ 18 స్క్రీన్‌షాట్ ఆ ఒక్క వాక్యాన్నీ, దాంతోపాటు జవాబునంతా తినేస్తుంది. తేదీలు ఉన్నవి ఉన్నట్టు రాయడమే మార్గం. ఐదు వారాల జాప్యానికి సాకులు వెతకనూ వద్దు, "ఘోరమైన జాప్యం" అని బిరుదు ఇచ్చుకోనూ వద్దు. ఎప్పుడు మెసేజి వచ్చింది, ఎప్పుడు మనిషి వెళ్లాడు, కాల్ రికార్డు ఏం చెబుతోంది, అంతే.

అవమానించారన్న ఆరోపణకు ఒక్క వాక్యం చాలు. ఏ తేదీన, ఏ కాల్‌లో, ఏమన్నారో నోటీసులో లేదు గనుక ఆ ఆరోపణను ఖండిస్తున్నాం అని. నిజానికి కస్టమరే తిట్టారని యజమాని పట్టుబడతాడు. ఆ పేరా రాయకపోవడమే మంచిది. తిట్టుకు తిట్టు రాసిన జవాబు చదివేవాళ్లకు ఇద్దరూ ఒకటే అనిపిస్తుంది.

చివరగా 8,67,000 సంగతి. పని జరిగింది, స్వీకరించారు, ఎనిమిది నెలలుగా ఆ వంటగది వాడుతున్నారు. రెండు షట్టర్ల లోపానికి మొత్తం సొమ్ము వెనక్కి అడగడానికి ఆధారం లేదు. మానసిక క్షోభ అంకె ఎలా వచ్చిందో నోటీసు చెప్పలేదు. ఈ రెండు మాటలతో ఆ డిమాండును తిరస్కరించాలి. రావాల్సిన 38,000 ఇంకా బాకీ ఉందని ఒక వాక్యం రాసి, దాన్ని రాబట్టుకునే హక్కు తనకుందని చెప్పాలి. "బాకీ కడితేనే షట్టర్లు మారుస్తాం" అని మాత్రం రాయకూడదు. వారంటీ పనికి షరతు పెట్టిన వ్యాపారిలా కమిషన్ ముందు నిలబడాల్సి వస్తుంది. పైగా వినియోగదారుల కమిషన్ కస్టమర్ ఫిర్యాదు వినే చోటు. వ్యాపారి తన బాకీ వసూలుకు సివిల్ కోర్టుకే పోవాలి.

ఇంతవరకూ ఒక కవరు. తెలిసినవాళ్లు రెండో కవరు కూడా పంపుతారు.

యజమానికి మనసులో ఇంకో ఆలోచన ఉంది. గొడవ తెగిపోతుందంటే ఆ 38,000 వదిలేసుకోవడానికి సిద్ధమే. దాన్ని మొదటి జవాబులో రాస్తే, "అంత సొమ్ము వదులుకుంటున్నాడంటే తప్పు ఉన్నట్టే కదా" అన్న వాదన పుడుతుంది. భారతీయ సాక్ష్య అధినియమ్ 21వ సెక్షన్ దీనికో దారి చూపుతుంది. సివిల్ వ్యవహారాల్లో, సాక్ష్యంగా వాడకూడదన్న స్పష్టమైన షరతు మీద చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా పనికిరాదు. పాత చట్టంలోనూ ఇదే ఉండేది. లాయర్లు లేఖ పైన "వితౌట్ ప్రిజుడిస్" అని రాసేది ఇందుకే. కాబట్టి రాజీ ప్రతిపాదన విడిగా, ఆ షరతు మాటల్లో స్పష్టంగా చెప్పి, వేరే లేఖగా వెళ్లాలి.

చాలామంది ఇక్కడే తారుమారు చేస్తారు. పేజీ పైన ఆ రెండు ఇంగ్లిషు మాటలు అచ్చేసి, షట్టర్ల మరమ్మతు మాట కూడా అందులోనే కలిపేస్తారు. కానీ మరమ్మతుకు, పరిశీలనకు ముందుకొచ్చిన సంగతి కమిషన్ చదవాలనే వ్యాపారి కోరుకుంటాడు కదా. వారంటీ పని చేస్తానన్నది ఔదార్యం కాదు, ఒప్పందంలో ఉన్నదే. అది మొదటి లేఖలో బాహాటంగా ఉండాలి. ఒప్పందానికి మించి ఇస్తానన్నది మాత్రమే రెండో లేఖలోకి పోవాలి. ఏ వాక్యం ఏ కవరులోకి అన్నది తేల్చుకోవడమే ఈ మొత్తం వ్యవహారంలో లాయరు ఫీజుకు తగ్గ పని.

జవాబు కస్టమర్‌కు కాదు, నోటీసు పంపిన లాయరుకు వెళ్లాలి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో తపాలా శాఖ స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు, చేరినట్టు ఆధారం దాచుకోవాలి. నోటీసులో ఈమెయిలు ఉంటే దానికీ పంపాలి. ఆ తర్వాత కస్టమర్‌తో వాట్సాప్‌లో "మేడం, ఎందుకండీ ఇదంతా" అని మాట కలపడం మానాలి. లాయరు తూచి రాసిన నాలుగు పేజీలను రాత్రి పదకొండుకు పెట్టిన ఒక వాయిస్ మెసేజి తలకిందులు చేయగలదు.

పరిశీలనకు అనుమతి వస్తే యజమాని ఒక్కడే వెళ్లకూడదు. పనివాడితో పాటు ఒక ప్లంబరు ఉండాలి, కస్టమర్ వైపు మనిషి ఉండాలి. ట్రాప్ కింద పొడి కాగితం పరిచి పది నిమిషాలు కుళాయి వదిలితే లీకు సంగతి అక్కడికక్కడే తెలుస్తుంది. ఏం చూశారో తేదీతో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. కారణం మీద ఏకీభావం లేకపోతే చూసినదాని వరకే రాయాలి. అనుమతి రాకపోయినా నష్టం లేదు. అడిగిన కాగితం ఫైల్లో ఉంటుంది. షట్టర్లను మాత్రం జవాబు కోసం ఎదురుచూడకుండా చేయించి సిద్ధంగా ఉంచుకోవాలి. తీసుకోమని తేదీలు ఇస్తూ ఒక లేఖ రాయాలి.

అవతలి లాయరు ప్రతి వాక్యాన్నీ ఖండిస్తూ మరో నోటీసు పంపవచ్చు. అందులో కొత్త సంగతి లేకపోతే "మా మొదటి జవాబుకే కట్టుబడి ఉన్నాం" అన్న రెండు లైన్లు సరిపోతాయి. ఫిర్యాదు వేయడానికి కస్టమర్‌కు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు ఉంటుంది. వేస్తే కమిషన్ నుంచి నోటీసు వస్తుంది. ఇక ఆ గడువు మాత్రం లాయరు పెట్టింది కాదు. 30 రోజుల్లో లిఖితపూర్వక వాదన దాఖలు చేయాలి, కమిషన్ ఇష్టపడితే మరో 15 రోజులు ఇవ్వవచ్చు. ఆ 45 రోజులు దాటితే వాదన తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం హిల్లీ మల్టీపర్పస్ కోల్డ్ స్టోరేజ్ కేసులో తేల్చేసింది. ఆ తీర్పు పాత 1986 చట్టం మీద వచ్చింది, కొత్త చట్టంలోనూ గడువు లెక్క అదే. నోటీసు జవాబును తేదీలతో, కాగితాలతో రాసుకున్న యజమానికి ఆ వాదనలో సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త: సెప్టెంబరులో 9 రోజులు తనవేనన్నవాడు కమిషన్ ముందు వాటిని సున్నా చేయకూడదు. అలా చేస్తే కస్టమర్ లాయరు పాత జవాబు కాపీనే తమ సాక్ష్యంగా దాఖలు చేస్తారు.